ధర, అమ్మకాలు, ఖర్చు మూడూ మారితే లాభం ఎంత? పట్టిక నిండా ఒకటే అంకె వస్తోంది

పచ్చడిజాడీ
మా తోడికోడలూ నేనూ కలిసి ఇంటి వెనక షెడ్డులో ఆవకాయ పెట్టి అరకిలో సీసాల్లో అమ్ముతాం. నెలకు దాదాపు 2,000 సీసాలు పోతాయి. దుకాణాలకు సీసా 240 రూపాయలకు బిల్లు వేస్తాం, పన్ను కాక. ఒక్కో సీసాకు 150 ఖర్చు పడుతుంది. అద్దె, జీతాలు, కరెంటు, బండి వాయిదా కలిపి నెలకు 1,20,000. అంటే చేతికి 60,000 మిగులుతోంది.

ఇప్పుడు విజయవాడలో మా పెద్ద దుకాణదారు ధర 12 రూపాయలు తగ్గించమంటున్నాడు. తగ్గిస్తే నెలకు 200 సీసాలు అదనంగా తీసుకుంటాడట. మరోవైపు మిరపకాయల ధర పెరిగేలా ఉంది. అందుకని ధర, సీసాలు, ఖర్చు మారితే లాభం ఎలా మారుతుందో ఒక పట్టికలో చూద్దామని ఎక్సెల్‌లో Data Table పెట్టాను. పైన ధరలు, పక్కన సీసాల సంఖ్య. వచ్చిందేమిటంటే ఇరవై ఐదు గళ్ళలోనూ 60,000. ధర తగ్గినా 60,000, సగం అమ్మినా 60,000. నిజంగా ఇలా ఉంటే ఎంత బాగుండేది!

ఊరికే_చూస్తా
ఆ పట్టిక నాకు పంపండి, మా యజమానికి చూపించి జీతం పెంచమంటాను.

బిల్లుపుస్తకం
నాకూ ఒకసారి ఇలాగే అయింది. Formulas మెనూలో Calculation Options చూడండి. Automatic Except for Data Tables అని ఉంటే పట్టిక తనంతట తాను లెక్క కట్టదు. Automatic చేయండి, లేదా F9 నొక్కండి.

పచ్చడిజాడీ
చూశాను, Automatic అనే ఉంది. F9 నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది. అవే అరవై వేలు.

లెక్కలమేష్టారు
పట్టిక దేనికమ్మా? కాగితం మీద తేలిపోయే లెక్క ఇది. సీసాకు 90 మిగులు, 2,000 సీసాలకు 1,80,000. దాన్ని 60,000 లాభంతో భాగిస్తే 3. అంటే ఏది 5 శాతం మారినా లాభం 15 శాతం మారుతుంది. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఇదే చెప్పాను. ధర 5 శాతం తగ్గితే లాభం 51,000. అంతే.

సెల్_సి7
మేష్టారూ, ఆ మూడు రెట్ల లెక్క సీసాల సంఖ్యకే వర్తిస్తుంది. సీసాలు 5 శాతం తగ్గితే 1,900 × 90, అందులో 1,20,000 తీసేస్తే 51,000. నిజమే. ధర 5 శాతం తగ్గితే 12 రూపాయలు పోతాయి, ఆ పన్నెండూ నేరుగా మిగులులోంచే పోతాయి. 90 కాస్తా 78 అవుతుంది. 2,000 × 78 లోంచి 1,20,000 పోతే 36,000. లాభం 40 శాతం పడిపోయింది, 15 కాదు. అందుకే ఆవిడకు పట్టిక కావాలి.

పచ్చడిజాడీ గారూ, రెండు ప్రశ్నలు. మీ ధర, ఖర్చు అంకెలు ఉన్న షీట్‌లోనే పట్టిక ఉందా, వేరే షీట్‌లో ఉందా? Row input cell దగ్గర ఏ సెల్ ఇచ్చారు?

లెక్కలమేష్టారు
ధర సంగతిలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. తొందరపడ్డాను.

పచ్చడిజాడీ
వేరే షీటే. అంకెలు Sheet1 లో, పట్టిక Sheet2 లో. నేరుగా Sheet1 సెల్ ఇస్తే Input cell reference is not valid అని తిట్టింది. అందుకని Sheet2 లో B2 దగ్గర `=Sheet1!B2`, B3 దగ్గర `=Sheet1!B3` అని పెట్టుకుని వాటిని ఇచ్చాను. అప్పుడు ఒప్పుకుంది.

సెల్_సి7
దొంగ దొరికాడు.

Data Table చేసే పని ఇదీ: పైనున్న ఒక్కో ధరను తీసుకుని, మీరు చూపించిన సెల్‌లో కాసేపు కూర్చోబెట్టి, లాభం ఎంత వచ్చిందో చూసి, గడిలో రాసి, మళ్ళీ పాత అంకె పెట్టేస్తుంది. మీరు చూపించిన సెల్ Sheet2 లోని నకలు. దానిలో 228 పెట్టినా, 252 పెట్టినా మీ లాభం ఫార్ములా అటు చూడనే చూడదు. అది Sheet1 లోని అసలు B2 నే చదువుతోంది. అందుకే అన్నిచోట్లా 60,000.

పట్టిక ఏ షీట్‌లో ఉంటే అసలు అంకెలు కూడా ఆ షీట్‌లోనే ఉండాలి. పట్టికను Sheet1 కి తెచ్చేయండి. ఇలా:

```
B2  240       ధర
B3  2000      సీసాలు
B4  150       సీసా ఖర్చు
B5  120000    నెల ఖర్చు
B7  =B3*(B2-B4)-B5
```

D3 లో `=B7`. దాని కుడివైపు E3 నుంచి ధరలు, కిందికి D4 నుంచి సీసాలు. మొత్తం ఎంచుకుని Data > What-If Analysis > Data Table. ధరలు అడ్డంగా ఉన్నాయి గనుక Row input cell B2, సీసాలు నిలువుగా ఉన్నాయి గనుక Column input cell B3.

పచ్చడిజాడీ
అంకెలు కదిలాయి! కానీ ఇంకో తిరకాసు. మధ్యలో 240 కింద, 2,000 పక్కన 60,000 సరిగ్గానే ఉంది. 252 కింద మాత్రం నేను చేత్తో వేసిన 84,000 రావడం లేదు, ఏదో వేరే అంకె వస్తోంది. అంచుల వైపు వెళ్ళేకొద్దీ తేడా ఇంకా ఎక్కువ.

సెల్_సి7
పైనున్న 252 ను చేత్తో కొట్టారా, ఫార్ములాతో తెచ్చారా?

పచ్చడిజాడీ
ఫార్ములానే. `=B2*1.05`. ధర మారిస్తే శీర్షికలు కూడా వాటంతటవే మారతాయని తెలివిగా పెట్టాను.

సెల్_సి7
ఆ తెలివే కొంప ముంచింది. పట్టిక B2 లో వేరే ధర పెట్టగానే, B2 మీద ఆధారపడ్డ శీర్షిక కూడా కదిలిపోతుంది. కొలుస్తుండగానే గజంబద్ద సాగిపోయినట్టు. మధ్య గడి ఒక్కటే సరిగ్గా కనిపించడం ఈ తప్పుకు గుర్తు.

శీర్షికల్లో 228, 240, 252 అని అంకెలే కొట్టండి. లేదా అసలు ధరను వేరే సెల్‌లో, ఉదాహరణకు A20 లో, దాచి శీర్షికలను దాని నుంచి తెచ్చుకోండి. B2 ను మాత్రం ముట్టుకోకూడదు.

పట్టిక పూర్తయ్యాక ఒక్క పరీక్ష చేయండి. ఏదో ఒక మూల గడి తీసుకుని, దాని ధరను, సీసాలను B2, B3 లో స్వయంగా కొట్టి B7 చూడండి. రెండూ ఒకటైతే పట్టిక నిజం చెబుతోంది. మధ్య గడితో పరీక్షిస్తే లాభం లేదు, అది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

లిబ్రే_లక్ష్మి
లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ళకు ఇదే పని Data మెనూలో Multiple Operations పేరుతో ఉంది. గూగుల్ షీట్స్‌లో మాత్రం ఇలాంటి సదుపాయం లేదు, అక్కడ ఫార్ములా పరుచుకోవాల్సిందే.

గానుగ_సుబ్బు
మాది వేరుశనగ గానుగ. పల్లీల ధర మీద ఇలాంటి పట్టికే పెట్టుకున్నాను. నా అనుభవంలో మూడు అంకెలనూ సమానంగా 5 శాతం, 10 శాతం అని మార్చడం పెద్ద పొరపాటు. పల్లీల ధర ఏడాదిలో ఎటు పోతుందో ఎవరికీ తెలియదు, నూనె ధర మాత్రం నేను పది రూపాయలు పెంచితే చాలు, కొనేవాళ్ళు పక్క వీధికి వెళ్ళిపోతారు. మీ పాత బిల్లులు తీసి మిరపకాయలు ఎంతకు తక్కువకు కొన్నారో, ఎంతకు ఎక్కువకు కొన్నారో ఆ రెండు అంకెలూ పెట్టండి. పట్టిక అప్పుడు మీ ఊరి పట్టిక అవుతుంది.

ఇంకొకటి. ఆ 150 లో దుకాణానికి ఇచ్చే కమిషన్ ఉందా?

పచ్చడిజాడీ
ఉంది. బిల్లు ధర మీద పది శాతం. అంటే 24. మామిడికాయలు, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు, సీసా, లేబులు, సీసా లెక్కన ఇచ్చే కూలి కలిపి 126.

గానుగ_సుబ్బు
అయితే 150 అనే అంకె తప్పు. ధర 228 అయితే కమిషన్ 24 ఉండదు, 22.80 అవుతుంది.

సెల్_సి7
సుబ్బు గారు నన్ను కూడా పట్టేశారు. నేను పైన 36,000 అన్నాను. కమిషన్ కూడా తగ్గుతుంది గనుక మిగులు 78 కాదు, 79.20. లాభం 38,400. అలాగే ధర 252 చేస్తే 84,000 కాదు, 81,600. కమిషన్‌ను ఖర్చులో కలిపేస్తే ధర మార్పు ప్రభావం రెండువైపులా ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

B4 లో 126 పెట్టి, B6 లో 10% పెట్టి, లాభాన్ని ఇలా మార్చండి:

```
=B3*(B2*(1-B6)-B4)-B5
```

240 దగ్గర ఇప్పటికీ 60,000 రావాలి.

పచ్చడిజాడీ
వచ్చింది. ఇక నా అసలు ప్రశ్న. మూడోది ఎక్కడ పెట్టాలి? పైన ధర, పక్కన సీసాలు. ఖర్చుకు చోటే లేదు.

బిల్లుపుస్తకం
Scenario Manager వాడండి. దాంట్లో 32 అంకెల దాకా మార్చవచ్చు.

సెల్_సి7
మార్చవచ్చు, కానీ ఒక్కో పరిస్థితికీ పేరు పెట్టి, అంకెలు కొట్టి దాచుకోవాలి. మూడేసి విలువలు ఉన్న మూడు అంకెలంటే ఇరవై ఏడు పరిస్థితులు. పైగా నివేదిక తీశాక అది బొమ్మలా ఉండిపోతుంది, అంకె మారితే మళ్ళీ తీయాలి. మూడు నాలుగు పరిస్థితులకైతే మంచిదే.

ఈవిడ లెక్క చిన్నది కాబట్టి Data Table ను వదిలేసి ఫార్ములానే పరచమంటాను. D నిలువు వరుసలో ఖర్చు, E లో సీసాలు. ఖర్చు 120 దగ్గర 1,800, 2,000, 2,200. తర్వాత 126 దగ్గర మళ్ళీ అవే మూడు. ఆ తర్వాత 132 దగ్గర. మొత్తం తొమ్మిది వరుసలు. పైన F3, G3, H3 లో 228, 240, 252. F4 లో:

```
=$E4*(F$3*(1-$B$6)-$D4)-$B$5
```

దీన్ని H12 దాకా లాగండి. డాలర్ గుర్తులు ఎక్కడున్నాయో గమనించండి. `$E4` అంటే నిలువు వరుస కదలదు, అడ్డు వరుస కదులుతుంది. `F$3` దానికి తలకిందులు. B5, B6 అటూ ఇటూ కదలవు. ఒక్క డాలర్ మరిచిపోతే పట్టిక మొదటి గడిలో సరిగ్గా ఉండి రెండో గడి నుంచి పిచ్చి అంకెలు చూపిస్తుంది.

పచ్చడిజాడీ
పరిచాను. ఖర్చు 132, సీసాలు 1,800, ధర 228 అయితే 11,760. ఖర్చు 120, సీసాలు 2,200, ధర 252 అయితే 1,14,960. ఒకే షెడ్డు, అదే బండి, అదే మనుషులు. గుండె ఆగినంత పనైంది.

లెక్కలమేష్టారు
ఆ రెండు మూలలనూ చూసి భయపడవద్దు, సంతోషపడవద్దు. ధర పెంచి, సీసాలు పెంచి, ఖర్చు తగ్గించడం ఒకేసారి జరిగే పని కాదు. ధర పెంచితే సీసాలు తగ్గుతాయి. పట్టికకు ఆ సంగతి తెలియదు, ఇరవై ఏడు గళ్ళనూ సమానంగా చూపిస్తుంది.

సెల్_సి7
ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం మేష్టారూ. అందుకని పట్టికను తిరగేసి అడగాలి. ధర 228 చేస్తే పాత 60,000 నిలబడాలంటే ఎన్ని సీసాలు అమ్మాలి? 1,80,000 ను 79.20 తో భాగిస్తే 2,273. దుకాణదారు ఇస్తానంటున్నది 2,200. అంటే లాభం 54,240, ఇప్పటికన్నా తక్కువ. వద్దనండి.

బిల్లుపుస్తకం
ఒక్క సందేహం. ఫార్ములా పరిచేట్లయితే Data Table దేనికి?

సెల్_సి7
లాభం ఒక్క వరుసలో తేలిపోతే అక్కరలేదు. మా కార్యాలయంలో లాభం తేలాలంటే నాలుగు షీట్లు దాటాలి: స్లాబు కమిషన్లు, వడ్డీ, రవాణా. ఆ లెక్క అంతా గడి గడికీ మళ్ళీ రాయలేం. అప్పుడు Data Table నే వాడి, నిలువు వరుసలో 1 నుంచి 9 దాకా క్రమసంఖ్యలు పెట్టి, Column input cell గా 1 అని కొట్టిన ఒక విడి సెల్ ఇస్తాం. ఖర్చు, సీసాల సెళ్ళు ఆ సంఖ్యను చూసి INDEX తో జాబితా నుంచి తమ విలువలు తెచ్చుకుంటాయి. రెండు చేతులతో మూడు కుండలు మోయడం లాంటిది. పెద్ద ఫైలైతే ప్రతి మార్పుకూ పట్టికంతా మళ్ళీ లెక్క కట్టి కంప్యూటర్ మూలుగుతుంది. మొదట బిల్లుపుస్తకం గారు చెప్పిన అమరిక ఉన్నది అందుకే.

గానుగ_సుబ్బు
ఆగండి, ఆగండి. వద్దనమని అప్పుడే తీర్పు చెప్పేస్తే ఎలా? ఆ 12 రూపాయలు తగ్గించేది ఆ ఒక్క దుకాణానికా, అందరికీనా?

పచ్చడిజాడీ
అడిగింది అతనొక్కడే. ఇప్పుడు నెలకు 600 తీసుకుంటాడు, తగ్గిస్తే 800. మిగతా 1,400 చిన్న దుకాణాలకు, 240 కే వెళ్తాయి.

గానుగ_సుబ్బు
మరి మనం ఇంతసేపూ 2,200 సీసాలనూ 228 కి అమ్మేశాం! 1,400 కి 90 చొప్పున 1,26,000. 800 కి 79.20 చొప్పున 63,360. కలిపి 1,89,360. నెల ఖర్చు పోగా 69,360. లాభం 9,360 పెరుగుతోంది.

సెల్_సి7
ఫార్ములాలో తప్పు లేదు, పట్టికలో తప్పు లేదు, జవాబు మాత్రం తలకిందులు. ధరకు ఒకే సెల్ పెట్టడమే పొరపాటు. ఒప్పుకుంటున్నాను.

ఊరికే_చూస్తా
ఉదయం నుంచి చూస్తున్నాను: 60,000, 36,000, 38,400, 54,240, ఇప్పుడు 69,360. సాయంత్రానికి లక్ష దాటుతుందా?

పచ్చడిజాడీ
కానీ సుబ్బు గారూ, విజయవాడ దుకాణాల వాళ్ళంతా ఒకే చోట టీ తాగుతారు. నెల తిరగకుండానే మిగతావాళ్ళకు తెలుస్తుంది.

సెల్_సి7
అయితే పట్టికలో పక్కన పెట్టాల్సింది మొత్తం సీసాలు కాదు. ఆ 1,400 లో ఎన్ని 228 కి జారిపోతాయన్నదే మీ అసలు భయం, దాన్నే పెట్టండి. 0, 300, 600, 900, 1,400. జారిన ప్రతి సీసాకూ మీకు పోయేది 10.80. వచ్చిన లాభం 9,360 ను దానితో భాగిస్తే 866. అంటే ఎనిమిది వందల అరవై ఆరు సీసాల దాకా జారినా ఈ ఒప్పందంలో మీకు నష్టం లేదు. మొత్తం జారితే పాత 54,240 దగ్గరికే వస్తారు.

పైన ఖర్చు 120, 126, 132 పెట్టండి. గళ్ళలో లాభం బదులు, ఒప్పందం ఉంటే వచ్చే లాభం నుంచి లేకపోతే వచ్చే లాభం తీసేసి తేడా చూపండి. ఎందుకంటే ఖర్చు 132 అయితే ఒప్పందం ఉన్నప్పుడు 56,160 కనిపిస్తుంది, చూసి బెదిరిపోతారు. ఒప్పందం లేకపోయినా అప్పుడు వచ్చేది 48,000 మాత్రమే. తేడా 8,160, ఇంకా లాభమే. హద్దు 866 నుంచి 755 కి తగ్గుతుంది, అంతే.

లెక్కలమేష్టారు
నెలకు 2,200 సీసాలకు మీ షెడ్డు సరిపోతుందా? ఇంకో మనిషిని పెట్టుకోవాల్సి వస్తే 1,20,000 అలాగే ఉండదు. పెరిగే లాభం 9,360 అంటున్నారు, ఈ రోజుల్లో మనిషి జీతం అంతకన్నా ఎక్కువ.

పచ్చడిజాడీ
సరిపోతుంది మేష్టారూ, ఆదివారం కూడా కూర్చుంటే. ఆదివారం కూర్చునేది మేమిద్దరమే, దానికి ఖర్చు రాయలేదు.

లిబ్రే_లక్ష్మి
రాయండి. B5 లో కాకపోతే ఇంకెక్కడైనా.

గానుగ_సుబ్బు
ఆ దుకాణానికి అరకిలో కాకుండా 400 గ్రాముల సీసా వేరే లేబులుతో ఇవ్వండి. టీ కొట్టు దగ్గర ధరలు పోల్చుకోవడం కుదరదు. నేను నూనెకు అదే చేశాను.

బిల్లుపుస్తకం
నెలలోగా పసిగట్టేస్తారు. 400 ను 500 కి హెచ్చవేయడం దుకాణదారుకు రాదా?

పచ్చడిజాడీ
400 గ్రాములంటే పచ్చడి తగ్గుతుంది గానీ సీసా, మూత, లేబులు, కూలి అలాగే ఉంటాయి. 126 లో ఐదో వంతు తగ్గదు. అసలు పచ్చడి ఎంత, సీసా ఎంత అని ఇప్పటిదాకా విడదీయలేదు. రేపు పాత బిల్లులు తీసి విడదీస్తాను. దుకాణదారు శనివారం ఫోను చేస్తాడు, ఆలోగా ఆ ఐదు వరుసల పట్టిక పెడతాను. ఎన్ని సీసాలు జారతాయో మాత్రం ఏ బిల్లులోనూ లేదు.

సెల్_సి7
దానికి మీ తోడికోడలిని అడగండి. దుకాణాలకు సరుకు వేసేది ఆవిడే కదా?

పచ్చడిజాడీ
అడిగాను. సగం అంటోంది. 700.